ఇంగ్లీషు సంతాప లేఖను తెలుగులోకి అనువదించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులన్నీ ఒకే ఉత్తరాన్ని ఉదాహరణగా పెట్టుకుని రాసినవి. డాలస్‌లోని ఒక సంస్థలో మూడేళ్ళు పనిచేసిన 29 ఏళ్ళ తెలుగు ఇంజనీరు గుండెపోటుతో చనిపోయాడనీ, అతని పైఅధికారిగా ఉన్న అమెరికన్ మహిళ తెనాలి దగ్గరి పల్లెలో ఉంటున్న తల్లిదండ్రులకు ఇంగ్లీషులో ఒక పేజీ ఉత్తరం రాసిందనీ అనుకుందాం. తండ్రికి ఇంగ్లీషు కొద్దిగా వచ్చు, తల్లికి రాదు. ఉదాహరణ కల్పితమే అయినా ఇటువంటి ఉత్తరాలు అనువాదకుల చేతికి తరచుగా వస్తూనే ఉంటాయి. పూర్తి అనువాదం చివరి ప్రశ్నలకు ముందు ఇచ్చాము.

అనువాదం మొదలుపెట్టే ముందు ఏమేమి అడిగి తెలుసుకోవాలి?

అన్నిటికంటే ముందు ఉత్తరాన్ని ఎవరు చదువుతారో, ఎలా చదువుతారో తెలుసుకోవాలి. ఇటువంటి ఉత్తరం తల్లిదండ్రులు ఒంటరిగా కూర్చుని చదువుకునేది కాదు. పరామర్శకు వచ్చిన బంధువుల మధ్య ఏ మేనల్లుడో పెదనాన్న కొడుకో పైకి చదివి వినిపిస్తాడు. కంటితో చదివినప్పుడు బాగున్న పొడుగాటి వాక్యం పైకి చదివేటప్పుడు సగంలో తెగిపోతుంది, చదివేవాడి గొంతు కూడా అక్కడే తడబడుతుంది. కాబట్టి ఇంగ్లీషు మూలంలో మూడు ఉపవాక్యాలు ఉన్న చోట తెలుగులో రెండు విడి వాక్యాలు రాయడానికి వెనుకాడకూడదు.

రెండోది, రాసిన వ్యక్తి వయసూ, చనిపోయిన వ్యక్తితో ఉన్న సంబంధమూ. ఇంగ్లీషులో 'హి' అన్న ఒక్క మాటతో సరిపోయేది తెలుగులో వాడు, అతను, ఆయన అని మూడు తోవలుగా చీలుతుంది కనుక ఈ సమాచారం లేకుండా మొదటి వాక్యం కూడా రాయలేము. మూడోది కుటుంబం మతం, ఆచారం. నాలుగోది, మరణ కారణం గురించి ఇంట్లో ఎవరికి ఎంత తెలుసన్నది. ఈ నాలుగింటికీ జవాబులు ఉత్తరం రాసినవారి దగ్గర దొరకకపోతే అదే ఊళ్ళో ఉన్న చనిపోయిన వ్యక్తి స్నేహితుణ్ణో దగ్గరి బంధువునో అడగవచ్చు, కానీ తల్లిదండ్రులను మాత్రం అడగకూడదు.

'సారీ ఫర్ యువర్ లాస్' అన్నదాన్ని ఎలా రాయాలి?

ఈ ఒక్క వాక్యం దగ్గర జరిగినన్ని తప్పులు మొత్తం ఉత్తరంలో మరెక్కడా జరగవు. 'మీ నష్టానికి క్షమించండి' అని రాస్తే రెండు వైపుల నుంచీ దెబ్బ తగులుతుంది. తెలుగులో నష్టం అనగానే పంట, వ్యాపారం, డబ్బు గుర్తుకు వస్తాయి. కొడుకు పోవడాన్ని ఆ మాటతో చెప్పడం కన్నవాళ్ళకు మొరటుగా వినిపిస్తుంది. క్షమించండి అన్న మాట ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే తప్పు చేసినవాడే క్షమాపణ అడుగుతాడు. పనిచేసే చోటి అధికారి నుంచి ఆ మాట వస్తే, ఆఫీసులో ఏదో జరిగిందనీ దాన్ని వాళ్ళే ఒప్పుకుంటున్నారనీ ఇంటివారు అనుమానించవచ్చు. మరణం పని ప్రదేశంలోనే సంభవించి ఉంటే ఆ అనుమానం వకీలు దాకా వెళ్ళినా వెళ్తుంది.

ఇంగ్లీషులో ఆ 'సారీ' క్షమాపణ కాదు, విచారం. అందువల్ల రాసినవారి బాధను చెప్పే వాక్యంగా దాన్ని మార్చాలి: 'మీ అబ్బాయి మరణవార్త విన్నప్పటి నుంచి మేమందరం ఎంతో బాధలో ఉన్నాము.' నష్టం అన్న మాటకు బదులు చాలామంది 'తీరని లోటు' అని రాస్తారు. అది తప్పు కాదు గాని, నాయకులు పోయినప్పుడు పార్టీకీ, రచయితలు పోయినప్పుడు సాహిత్య లోకానికీ తీరని లోటు అని పత్రికలలో చదివి చదివి ఆ మాట అరిగిపోయింది. ఒక ఇంట్లో పోయిన మనిషి గురించి దాన్ని వాడకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

సంతాపం, సానుభూతి అన్న రెండు మాటలనూ ఒకదానికి బదులు ఒకటి వాడేస్తుంటారు. సంతాపం రాసేవారిది, పోయినవారి గురించి కలిగేది. సానుభూతి కుటుంబం వైపు చూపేది. 'మీకు మా సానుభూతి తెలియజేస్తున్నాము' అన్న వాక్యం సంస్థ తరఫున పంపే అధికారిక లేఖకు సరిపోతుంది. మన ఉదాహరణలో ఉత్తరం రాసింది మూడేళ్ళు పక్కన కూర్చుని పనిచేసిన మనిషి. ఆమె నోట ఆ వాక్యం తీర్మానం చదివినట్టు ఉంటుంది.

మరణాన్ని చెప్పడానికి ఏ క్రియ వాడాలి?

ఇంగ్లీషులో 'పాస్డ్ అవే' అనే మృదువైన మాట ఎవరికైనా సరిపోతుంది. తెలుగులో మాత్రం ప్రతి మాటకూ ఒక వయసు, ఒక మతం, ఒక సందర్భం ఉన్నాయి. పరమపదించారు అన్నది వైష్ణవ సంప్రదాయపు వాసన ఉన్న మాట, అదీ నిండు జీవితం గడిపిన పెద్దలకే నప్పుతుంది. శివైక్యం చెందారు అన్నది శైవ కుటుంబాలలో వినిపిస్తుంది. స్వర్గస్తులయ్యారు, కాలం చేశారు అన్నవి కూడా వృద్ధులకే. తుదిశ్వాస విడిచారు అన్నది వార్తల భాష. తెలుగు క్రైస్తవులు 'ప్రభువునందు నిద్రించారు' అంటారు, అయితే ఆ మాట రాసినవారు కూడా అదే విశ్వాసం గలవారైతేనే వాడాలి.

29 ఏళ్ళ యువకుడి విషయంలో ఇవేవీ పనికిరావు. 'కన్నుమూశారు' అనవచ్చు, 'మరణించారు' అనవచ్చు. అంతకంటే మంచి ఉపాయం ఏమిటంటే ఆ క్రియనే తప్పించడం. కొడుకు చనిపోయాడని తల్లిదండ్రులకు ఈ ఉత్తరం కొత్తగా చెప్పడం లేదు. 'మీ అబ్బాయి మరణవార్త' అని ఒక్కసారి నామరూపంలో వస్తే చాలు, తరువాత 'ఆయన లేని లోటు' అంటే సరిపోతుంది. అదేవిధంగా పేరుకు ముందు 'కీర్తిశేషులు' అని చేర్చే అలవాటు ఆహ్వాన పత్రాలకూ, ఫొటో కింద రాతకూ పరిమితమైతే మేలు. చనిపోయి పది రోజులైనా కాని కొడుకు పేరు ముందు ఆ మాటను మొదటిసారి అచ్చులో చూడటం అవసరం లేని గాయం.

చనిపోయినవారిని అతను అనాలా, ఆయన అనాలా? అమ్మాయి అయితే?

రాసింది 50 ఏళ్ళు దాటిన అధికారి కనుక 'అతను నేర్పేవాడు' అన్నా వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. అయినా ఉత్తరాన్ని నలుగురిలో పైకి చదువుతారన్న విషయం గుర్తుంటే 'నేర్పేవారు' అన్న గౌరవ రూపాన్నే ఎంచుకుంటాము. పరాయి మనిషి తమ కొడుకును మన్నించి మాట్లాడటం తల్లిదండ్రులకు కొంత ఊరటనిస్తుంది. కాకపోతే ప్రతి వాక్యంలోనూ 'ఆయన, ఆయన' అని వస్తుంటే ఎవరో పెద్దమనిషి గురించి చెప్తున్నట్టు దూరం పెరుగుతుంది. సర్వనామానికి బదులు 'మీ అబ్బాయి' అని వాడి, క్రియను గౌరవ రూపంలో ఉంచితే ఆప్యాయతా గౌరవమూ రెండూ నిలుస్తాయి.

అమ్మాయి విషయంలో ఆలోచించవలసిన పనే లేదు, గౌరవ రూపమే వాడాలి. తెలుగులో స్త్రీ ఏకవచన క్రియకూ, వస్తువులకూ జంతువులకూ వాడే క్రియకూ ఒకటే రూపం. 'మీ అమ్మాయి ఎప్పుడూ నవ్వుతూ ఉండేది' అని ఇంటివాళ్ళు అనుకోవడం వేరు, ముఖపరిచయం కూడా లేని సంస్థ అచ్చువేసి పంపడం వేరు.

ఒకే వాక్యంలో 'అతను చెప్పేవారు' అని కలిపి రాయడం ఇటీవల ఎక్కువగా కనిపిస్తోంది. అతను అంటే చెప్పేవాడు, ఆయన అంటే చెప్పేవారు. అనువాదం పూర్తయ్యాక ఈ పొంతన కోసమే ఒకసారి విడిగా చదువుకోవాలి.

పేర్ల విషయంలో ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

అమెరికా రికార్డులలో పేరు ముందు, ఇంటిపేరు వెనుక ఉంటాయి. తెలుగు ఉత్తరంలో ఇంటిపేరు ముందుకు రావాలి. రోమన్ లిపిలో ఉన్న పేరును చూసి తెలుగు స్పెల్లింగు ఊహించడం మరో చిక్కు. అక్కడ ఒకే అక్షరం త అయినా కావచ్చు, ట అయినా కావచ్చు. ద, డ లకూ ఇదే ఇబ్బంది. చివర దీర్ఘం ఉందో లేదో అసలు తెలియదు, గంట అనే మాటకూ గంటా అనే ఇంటిపేరుకూ ఆ లిపిలో తేడా కనిపించదు. కొడుకు పేరు తప్పుగా ఉన్న సంతాప లేఖను ఏ భాషా సౌందర్యమూ కాపాడలేదు. పెళ్ళి శుభలేఖ, ఊళ్ళో కట్టిన ఫ్లెక్సీ, రేషన్ కార్డు, ఏదో ఒకదానిలో తెలుగులో రాసిన పేరు ఉంటుంది. దాన్ని బంధువు చేత ఫొటో తీయించి తెప్పించుకోవాలి.

మన ఉదాహరణలో మరో తమాషా చిక్కు ఉంది. ఆఫీసులో అందరూ ఆ అబ్బాయిని పొట్టిగా 'శ్రీ' అని పిలిచేవారు. శ్రీకాంత్, శ్రీనివాస్, శ్రీధర్ వంటి పేర్లు ఉన్నవారికి అక్కడ ఇది మామూలే. దాన్ని అలాగే దించితే 'శ్రీ అందరికీ సహాయం చేసేవారు' అన్న వాక్యం వస్తుంది. చదివేవాడు శ్రీ తరువాత పేరు ఎగిరిపోయిందేమో అనుకుని ఆగిపోతాడు. అందుకని ఆ ముద్దుపేరును ఒక్కచోట కొటేషన్ గుర్తుల మధ్య పరిచయం చేసి, తక్కిన చోట్ల 'మీ అబ్బాయి' అని రాయాలి. ముద్దుపేరును పూర్తిగా తీసేయకూడదు. కొడుకును అక్కడ ఏమని పిలిచేవారో తల్లిదండ్రులకు చాలాసార్లు ఈ ఉత్తరం ద్వారానే తెలుస్తుంది.

సంబోధన, ప్రారంభం ఎలా ఉండాలి?

పాత ఉత్తరాల 'ఉభయకుశలోపరి', 'ఇక్కడ మేమంతా క్షేమం' వంటి ఎత్తుగడలు ఇక్కడ ఎంతమాత్రం పనికిరావని వేరే చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులు ఇద్దరి పేర్లూ రాసి, గారు చేర్చి, నమస్కారములు అంటే చాలు. ఉత్తరం పైన ఓంకారం గానీ, పసుపు రంగు అంచు గానీ, 'శుభం' వంటి మాట గానీ ఉండకూడదు.

భర్త పోయిన స్త్రీకి రాసేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. 'చి.ల.సౌ.' అన్న సంక్షేపంలోని సౌ అంటే సౌభాగ్యవతి, కాబట్టి పాత నమూనా చూసి పొరపాటున కూడా దాన్ని దించకూడదు. దానికి బదులుగా పూర్వం రాసిన 'గంగాభాగీరథీ సమానురాలైన' అన్న విశేషణం ఆమె భర్తను పోగొట్టుకున్నదన్న సంగతిని కవరు మీదే చాటుతుంది, ఈ రోజుల్లో అది మర్యాద కాదు. శ్రీమతి అన్న మాట విషయంలో కుటుంబాల అభిప్రాయాలు వేరువేరుగా ఉంటాయి కనుక దాన్నీ వదిలేసి, పేరుకు గారు చేర్చి రాస్తే ఏ చిక్కూ ఉండదు. వితంతువు అన్న మాట ఉత్తరంలో ఎక్కడా రాకూడదు. ఇంగ్లీషు మూలంలో ఉన్నా 'ఆయన సహధర్మచారిణి అయిన మీకు' అనో, ఇంకా తేలికగా 'మీకు' అనో రాయవచ్చు.

స్నేహితులు రాసిన ఉత్తరాలలో 'డియర్ ఆంటీ అండ్ అంకుల్' అని ఉంటే 'అమ్మగారికి, నాన్నగారికి' అనడం బాగుంటుంది.

'థాట్స్ అండ్ ప్రేయర్స్' అన్నచోట ఆత్మకు శాంతి కలగాలని రాయవచ్చా?

మూలంలో లేకపోతే రాయకూడదు. తెలుగువాళ్ళకు సంతాపం అనగానే ఆ వాక్యం కలం నుంచి దానంతట అదే జారుతుంది. అయితే ఉత్తరం రాసిన మహిళ ప్రార్థన చేస్తున్నది బతికి ఉన్న తల్లిదండ్రుల కోసం. చనిపోయినవారి ఆత్మ కోసం ప్రార్థించడం ఎన్నో ప్రొటెస్టెంటు సంఘాల నమ్మకానికి సరిపడదు. రాసినవారూ అందుకునేవారూ ఆ సంఘాలవారే అయితే అనువాదకుడు ఇద్దరి నోటా లేని మాటను మధ్యలో పుట్టించినట్టవుతుంది. 'ఈ కష్టాన్ని తట్టుకునే శక్తిని దేవుడు మీకు ఇవ్వాలని ప్రార్థిస్తున్నాను' అంటే మూలానికి దగ్గరగా ఉంటుంది. ఇక్కడ దేవుడు అన్న మాట హిందువులకూ, క్రైస్తవులకూ, ముస్లిములకూ ఇబ్బంది లేనిది. రాసినవారు నాస్తికులైతే దేవుణ్ణి కూడా తీసేసి 'శక్తి మీకు కలగాలని కోరుకుంటున్నాను' అనాలి.

'హి ఈజ్ ఇన్ ఎ బెటర్ ప్లేస్' వంటి వాక్యం ఉంటే మాత్రం మూలరచయితతో మాట్లాడి తీసేయమని కోరడం మంచిది. కన్నవాళ్ళ దగ్గర కంటే మంచి చోట ఉన్నాడని తెలుగులో ఎలా తిప్పి రాసినా తల్లికి తగలకూడని చోట తగులుతుంది.

'సెలబ్రేషన్ ఆఫ్ లైఫ్' జరుపుతున్నామని రాశారు. దీన్ని ఏమనాలి?

వేడుక, ఉత్సవం, సంబరం అన్న మాటల దరిదాపులకు వెళ్ళకూడదు. అక్కడ జరిగేది చాలావరకు మన సంస్మరణ సభ లాంటిదే: ఫొటో పెట్టి, ఒక్కొక్కరూ లేచి తమకు గుర్తున్నది చెప్తారు. సంస్మరణ సభ అన్న మాట వాడవచ్చు. ఆఫీసులో 15 మంది కూర్చుని మాట్లాడుకునేదే అయితే 'మీ అబ్బాయిని స్మరించుకోవడానికి మేమందరం ఒకచోట కలుస్తున్నాము' అని రాయడం ఇంకా సహజం.

'డోంట్ హెసిటేట్ టు రీచ్ అవుట్' అన్నది ఇంగ్లీషులో దాదాపు అర్థం లేని మర్యాద. తెలుగులో 'ఏ సహాయం కావాలన్నా మొహమాటపడకండి' అంటే అది మాట ఇచ్చినట్టే. పల్లెలో ఉన్న తండ్రి దాన్ని నమ్మి, కొడుకు సామాన్లు ఇండియాకు ఎలా తెప్పించుకోవాలో అడగడానికి ఫోన్ చేస్తాడు. ఎవరికి ఫోన్ చేయాలి, అక్కడ తెలుగు తెలిసినవారు ఎవరైనా ఉన్నారా అని ముందే కనుక్కుని, ఆ వివరం ఉత్తరంలో చేర్చమని రాసినవారిని కోరాలి. చేయగలిగినది ఏమీ లేదంటే ఆ వాక్యం లేకపోయినా ఉత్తరానికి లోటు రాదు.

కుటుంబానికి ఇబ్బంది కలిగించే విషయం మూలంలో ఉంటే మార్చే హక్కు అనువాదకుడికి ఉందా?

చెప్పకుండా మార్చే హక్కు లేదు, చెప్పి మార్పించే బాధ్యత మాత్రం ఉంది. మన ఉత్తరంలో ఒక పేరాలో 'ప్రతి శుక్రవారం కలిసి బీరు తాగేవాళ్ళం' అని ఉంది. అక్కడ అది స్నేహానికి గుర్తు. ఇక్కడ మేనల్లుడు పదిమందిలో పైకి చదివితే ఆ తల్లికి అది కొడుకు గురించి తెలియని కొత్త సంగతి అవుతుంది. బంధువుల్లో ఎవడో ఒకడు దానికీ గుండెపోటుకూ ముడిపెడతాడు. మూలరచయితకు ఈ పరిస్థితిని రెండు ముక్కల్లో వివరిస్తే సాధారణంగా వెంటనే ఒప్పుకుంటారు. 'శుక్రవారం సాయంత్రాలు కలిసి గడిపేవాళ్ళం' అన్న వాక్యం అబద్ధం కాదు, అసలు ఉద్దేశాన్నీ పోగొట్టదు.

మరణ కారణం విషయంలో ఇంత తేలికగా తేలదు. ఆత్మహత్య అయినప్పుడు తండ్రికీ అన్నకూ తెలిసి, తల్లికి గుండెజబ్బు అని చెప్పి ఉండవచ్చు. సంతాప లేఖలో కారణం చెప్పవలసిన అవసరం ఎప్పుడూ లేదు కనుక ఆ వాక్యాన్ని మూలంలోనే తీసేయమని కోరాలి. రాసినవారు ఉంచాలని పట్టుబడితే ఉత్తరాన్ని ముందు ఎవరికి అందించాలో కుటుంబంలో విషయం తెలిసిన వ్యక్తితో మాట్లాడి తేల్చుకోవాలి. బలవన్మరణం అన్నది పత్రికల మాట, ఇంటికి రాసే ఉత్తరంలో దానికి చోటు లేదు.

తేదీ, సమయం అంత ముఖ్యమా?

హిందూ కుటుంబానికి చాలా ముఖ్యం. మాసికాలు, ఏటా పెట్టే ఆబ్దికం తిథిని బట్టి జరుగుతాయి, తిథి నిర్ణయానికి మరణించిన చోటూ వేళా కావాలి. డాలస్‌లో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనుక ఉంటుంది, తక్కిన కాలంలో పదకొండున్నర గంటలు. జూన్‌లో అక్కడ ఆదివారం రాత్రి 10 గంటలంటే ఇక్కడ సోమవారం ఉదయం 8:30. ఇంగ్లీషు ఉత్తరంలో ఉన్న 'ఆదివారం రాత్రి'ని అనువాదకుడు సొంతంగా సోమవారం చేయకూడదు, వివరణ లేకుండా వదలనూ కూడదు. 'అక్కడి కాలమానం ప్రకారం' అని చేర్చి ఉన్నదున్నట్టు రాస్తే పురోహితుడు మిగిలినది చూసుకుంటాడు.

జీతం బకాయి, బీమా వంటి సంగతులు అదే ఉత్తరంలో ఉన్నాయి. ఏం చేయాలి?

వేరే కాగితం మీదకు మార్చడానికి అనుమతి తీసుకోవాలి. కన్నీటి మాటల కిందే డబ్బు లెక్క రావడం బాగుండదన్నది ఒక కారణం. ఆ వివరాలు బ్యాంకుకూ వకీలుకూ చూపించవలసి వస్తుందన్నది అంతకంటే పెద్ద కారణం, ఇంటి ఉత్తరాన్ని పదిమంది చేతుల్లో తిప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు.

పూర్తి ఉత్తరం ఎలా ఉంటుందో చూపగలరా?

పేర్లు ఉండవలసిన చోట చుక్కలు పెట్టాము.

శ్రీ ............ గారికి, శ్రీమతి ............ గారికి నమస్కారములు.

నా పేరు ............. మీ అబ్బాయి ............ మూడేళ్ళుగా మా సంస్థలో నాతో కలిసి పనిచేశారు. మీ అబ్బాయి మరణవార్త విన్నప్పటి నుంచి నేనూ, మా ఆఫీసులో అందరూ ఎంతో బాధలో ఉన్నాము. మిమ్మల్ని ఎలా ఓదార్చాలో నాకు తెలియడం లేదు. మీరు పడుతున్న దుఃఖాన్ని ఊహించడం కూడా నావల్ల కావడం లేదు.

ఇక్కడ మేమందరం ఆయనను ముద్దుగా "శ్రీ" అని పిలిచేవాళ్ళం. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పడం ఆయన బాధ్యత కాదు. అయినా సాయంత్రం అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయాక కూడా వాళ్ళ పక్కన కూర్చుని ఓపికగా చెప్పేవారు. ఇప్పుడు మా బృందంలో ఉన్న ఇద్దరు మీ అబ్బాయి దగ్గర పని నేర్చుకున్నవారే.

అమ్మగారు పంపిన గోంగూర పచ్చడిని మీ అబ్బాయి ఒకసారి ఆఫీసుకు తెచ్చి మా అందరికీ రుచి చూపించారు. కారానికి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగితే నవ్వుతూ వెళ్ళి పెరుగు తెచ్చి ఇచ్చారు. ఆ తరువాత మీ ఇంటి నుంచి పచ్చడి వచ్చిన ప్రతిసారీ ముందుగా నన్నే పిలిచేవారు.

శుక్రవారం సాయంత్రాలు పని ముగిశాక మేమందరం కాసేపు కలిసి గడిపేవాళ్ళం. మీ అబ్బాయి లేని లోటు ఆ వేళల్లో మాకు మరీ ఎక్కువగా తెలుస్తోంది.

ఈ నెల 21వ తేదీ సాయంత్రం, ఇక్కడి కాలమానం ప్రకారం 6 గంటలకు, మీ అబ్బాయిని స్మరించుకోవడానికి మేము ఆఫీసులో కలుస్తున్నాము. మీకు అప్పుడు మరుసటి రోజు తెల్లవారుజామున 4:30 అవుతుంది. అప్పుడు మాట్లాడిన మాటలన్నీ రికార్డు చేసి మీకు పంపిస్తాము.

మీ అబ్బాయి సామాన్ల గురించి గానీ, మరేదైనా విషయం గానీ అడగాలనుకుంటే మా ఆఫీసులో తెలుగు తెలిసిన ............ గారికి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. వారి నంబరు కింద ఇచ్చాను.

ఈ కష్టాన్ని తట్టుకునే శక్తిని దేవుడు మీకు ఇవ్వాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
............

ఇందులో పచ్చడి పేరాను మూలంలో ఉన్నది ఉన్నట్టుగా, ఒక్క వివరమూ వదలకుండా తెచ్చాము. మొదటి పేరా లాంటివి ఏ ఉత్తరంలోనైనా ఉంటాయి, వాటిని ఎంత మార్చి రాసినా పరవాలేదు. పెరుగు తెచ్చిచ్చిన సంగతి ఈ ఒక్క ఉత్తరంలోనే ఉంది. మూలంలో 'స్పైసీ పికిల్' అని మాత్రమే ఉంటే అది గోంగూరో ఆవకాయో ఊహించి రాయకూడదు, రాసినవారిని అడగాలి. ఆ సీసా నింపి పంపిన తల్లికి అది ఏ పచ్చడో తెలుసు.

'సిన్సియర్లీ' అన్నదానికి భవదీయురాలు అంటే దరఖాస్తులా ఉంటుంది, మీ శ్రేయోభిలాషి అంటే కరపత్రంలా ఉంటుంది. ఇట్లు అన్న పాత మాటే ఇక్కడ సరైనది.

అచ్చువేయడంలో, పంపడంలో గమనించవలసినవి ఏమిటి?

పెద్దవాళ్ళు చదువుతారు కనుక అక్షరాలు 14 పాయింట్లకు తగ్గకుండా ఉండాలి. ఒత్తులు, వట్రసుడులు కొన్ని ప్రింటర్లలో విడిపోయి అక్షరం పక్కన పడతాయి, కాబట్టి ఫైలును పీడీఎఫ్‌గా మార్చి, ఒక కాపీ అచ్చు తీసి పైకి చదివి చూశాకే పంపాలి. సంతకం ఇంగ్లీషులోనే ఉండనిచ్చి, దాని కింద పేరును తెలుగులో రాస్తే చాలు.

పెద్దకర్మ రోజున ఇల్లంతా జనంతో, వంటలతో హడావిడిగా ఉంటుంది. ఆ రోజు ఉత్తరం వస్తే ఎవరి చేతికి చేరుతుందో చెప్పలేము. దానికి రెండు మూడు రోజుల ముందో, బంధువులు వెళ్ళిపోయాకో అందేటట్టు చూడాలి. మా అనుభవంలో వెళ్ళిపోయాక అందినదే మేలు, ఎందుకంటే ఇల్లు ఖాళీ అయ్యాకే తల్లిదండ్రులకు ఒకరు తలచుకున్నారన్న మాట ఎక్కువగా కావలసి వస్తుంది.

ఇంగ్లీషు మూలాన్ని కూడా జతచేయాలా?

తప్పకుండా చేయాలి. అసలు ఉత్తరం వచ్చినది ఇంగ్లీషులో, సంతకం ఉన్నది దాని మీద. మనవలో, తమ్ముడి పిల్లలో దాన్ని తరువాతెప్పుడో చదువుతారు, అప్పుడు రెండింటినీ పోల్చి చూస్తారు కూడా. బీరు వాక్యం వంటివి మార్చి ఉంటే అనువాదంలో మాత్రమే కాకుండా మూలంలో కూడా మార్పించి, కొత్తగా సంతకం చేయించి పంపడం అందుకే. అనువాదకుడి పేరు ఉత్తరం మీద ఉండనక్కరలేదు. కుటుంబం జవాబు రాస్తే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చే పని కూడా సాధారణంగా అదే అనువాదకుడికి వస్తుంది కనుక ఫోన్ నంబరును మాత్రం బంధువు దగ్గర విడిగా ఉంచవచ్చు.